చెలమా, చెలిమా? అరకు నుంచి తిరిగొస్తూ రైల్లో విన్న ఆ పాట పేరు ఎవరికైనా గుర్తుందా

ఒరేయ్ బొబ్బిలీ, పలాసా, తునీ, నర్సీపట్నం, అమ్మా పార్వతీపురం, ఇంకా ఆ రోజు ఆ రైలు పెట్టెలో ఉన్న మిగతా అందరూ, మిమ్మల్ని ఊరి పేర్లతోనే పిలుస్తూ ఇది మీ కోసమే రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా కూర్చుని చదవండి. చివరి దాకా చదివితేనే ఎవరి దగ్గర ఏం అడుగుతున్నానో తెలుస్తుంది.

మొన్న మా మనవరాలికి అన్నం తినిపిస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాను. అది రోజూ చేసే పనే, ఏం పాడుతున్నానో కూడా చూసుకోను. రెండు ముద్దలు తిన్నాక అది నా చెయ్యి పట్టుకుని "తాతా, తర్వాత?" అంది. ముద్ద అడుగుతోందేమో అనుకున్నాను, కాదు, పాట అడుగుతోంది. అప్పుడు చూసుకుంటే నేను పాడుతున్నది మన పాట. 1987 నవంబరు ఆఖర్లో, కిరండూల్ పాసింజర్లో, తుని ట్రాన్సిస్టర్లో విన్న పాట. తర్వాత ఏముందో నాకు రాదు. పల్లవి వరస వస్తుంది, మాటలు సగం వస్తాయి, మొదటి చరణం గూడ్సు చప్పుడులో పోయింది, రెండో చరణం సొరంగంలో పోయింది. దానికి ఏదో కథ చెప్పి అన్నం తినిపించేశాను కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దగ్గర దగ్గర 40 ఏళ్లుగా పాడుకుంటున్న పాటకి పేరు కూడా తెలియదంటే ఏదోలా అనిపించింది.

అందుకే గుర్తున్నదంతా ముందు పెడుతున్నాను. మీకు గుర్తున్నది మీరు కలపండి.

వెళ్లేటప్పటి సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది కాబట్టి ఎక్కువ రాయను. తెల్లవారకముందే హాస్టల్ నుంచి బయల్దేరడం, విశాఖపట్నం స్టేషన్లో కిటికీ సీట్ల కోసం తువ్వాళ్లు వెయ్యడం, శృంగవరపుకోట దాటాక అందరం తలుపుల దగ్గర చేరడం, ప్రతి సొరంగంలో అరుపులు. 58 సొరంగాలని ఎవరో చెబితే బొబ్బిలి వేళ్లు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఎక్కడో మాటల్లో పడి లెక్క తప్పి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడానికి వీల్లేదని బాధపడ్డాడు. శిమిలిగుడ స్టేషన్ బోర్డు మీద 996.32 మీటర్లు అని చూసి ఫొటో దిగాం. అరకులో పొలాలన్నీ వలిసె పూలతో పచ్చగా, కళ్లు చెదిరేలా ఉన్నాయి. ఆ పసుపు ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. అంతవరకూ అందరిదీ ఒకటే జ్ఞాపకం.

తిరుగు ప్రయాణం మాత్రం ఒక్కొక్కరం ఒక్కోలా చెబుతున్నాం. మూడేళ్ల క్రితం పలాస వాళ్ల అబ్బాయి పెళ్లిలో కలిసినప్పుడు కూడా ఇదే గొడవ. అసలు పాట ఎక్కడ మొదలైందన్న దగ్గరే తేడా వచ్చింది. నేను చిమిడిపల్లి అంటాను, బొబ్బిలి త్యాడ అంటాడు. బొర్రా గుహలు దాటాక అన్నది మాత్రం ఖాయం, ఎందుకంటే బొర్రాలో కొన్న జామకాయలు అప్పటికి ఇంకా తింటున్నాం.

నాకు గుర్తున్నది ఇది. ఆ రోజుల్లో ఆ లైను ఒకటే పట్టా. బైలదిల్లా నుంచి ఇనుపరాయి విశాఖ రేవుకి దింపడానికి వేసిన లైను అది, అందులో మన పాసింజరుకి పెద్ద మర్యాద ఉండేది కాదు. ఎదురుగా గూడ్సు వస్తోందంటే మన బండిని స్టేషన్లో పక్క లైనులో పెట్టి కూర్చోబెట్టేవారు. ఆ సాయంత్రం అలాగే ఆగాం. కొండ మీద నవంబరు కదా, అయిదున్నరకే చీకటి పడిపోయింది. చలి మొదలైంది. పెట్టెలో బల్బులు ఎర్రగా వెలుగుతున్నాయి తప్ప ఎవరి మొహం సరిగా కనిపించడం లేదు. అంత్యాక్షరి ఆడి ఆడి గొంతులు పోయి అందరం చల్లబడ్డాం. అప్పుడు తుని ట్రాన్సిస్టర్ బయటికి తీశాడు.

ఆ ట్రాన్సిస్టర్ని ఎవరం మర్చిపోతాం? మూడు పెద్ద బ్యాటరీలు, గోధుమ రంగు తోలు తొడుగు, స్పీకరు మీద చిల్లులు, తోలు పట్టీ ఒకవైపు తెగిపోతే చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టించిన నల్ల దారం. పొద్దున వెళ్లేటప్పుడు కూడా పెట్టాడు. శృంగవరపుకోట దాకా విశాఖ కేంద్రం బాగానే వచ్చింది, కొండ ఎక్కుతున్న కొద్దీ గరగర ఎక్కువై కట్టేశాడు. పైన కరెంటు తీగ, మన పెట్టె అంతా ఇనుము, మధ్యలో రేడియో ఏం వింటుంది పాపం. సాయంత్రం మాత్రం కిటికీ చువ్వలకి ఆనించి పెట్టి, ముల్లు మెల్లగా తిప్పుతూ వెతికాడు. ఏవేవో భాషలు వచ్చాయి. ఒక్కసారిగా, ఎక్కడి నుంచో, వేణువు.

ఒక్క వేణువే. దాని వెనక వీణ మీద రెండు మూడు మీటలు. తబలా మొదలయ్యాక ఒక ఆవిడ గొంతు. పెద్ద వయసు గొంతు కాదు, కానీ చిన్నపిల్ల గొంతూ కాదు, కొంచెం బరువు ఉన్న గొంతు. మాటని నమిలి మింగకుండా ఒక్కో అక్షరం విడదీసి పలికింది. "ఎవర్రా ఈవిడ" అని అప్పుడే పలాస అడిగాడు. తుని చెయ్యి ఎత్తి మాట్లాడొద్దన్నాడు.

మనం పాట మొదట్లోంచి పట్టుకోలేదు, అది గుర్తుంచుకోండి. ముల్లు అక్కడికి వచ్చేసరికి వేణువు వాయిస్తున్నారు. రేడియోలో లలిత గీతం వేసే ముందు రాసినవారి పేరు, సంగీతం పేరు, పాడినవారి పేరు చెబుతారు కదా, అది అయిపోయింది. మళ్లీ పాట అయ్యాక చెబుతారులే అనుకున్నాం.

పల్లవి రెండుసార్లు పాడింది. అంతవరకు బాగా వినిపించింది. పార్వతీపురం అప్పటి దాకా కిటికీకి తలానించి కళ్లు మూసుకుని ఉంది, వీణ నేర్చుకున్న పిల్ల కదా, కళ్లు తెరవకుండానే "పంచమం లేదు" అంది. మాకెవరికీ అర్థం కాలేదు. "స రి గ మ, తర్వాత ప తగలకుండా ద మీదికి వెళ్తోంది, ఆభోగి" అంది. స్టీలు క్యారియరు మూత మీద వేళ్లతో తకిట తకిట అని కొట్టి చూపించింది, మూడు మూడుగా నడుస్తోందని. ఆ మూత చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పైమూత మధ్యలో చిన్న సొట్ట ఉండేది, ఆ సొట్ట దగ్గర కొడితే మాత్రం చప్పుడు వేరేగా వచ్చేది.

సరిగ్గా మొదటి చరణంలో గూడ్సు వచ్చింది. కింది నుంచి పైకి వెళ్తున్న గూడ్సు, అంటే ఖాళీ వ్యాగన్లు. రాయి నింపుకుని దిగే గూడ్సు బరువుగా, మూలుగుతూ వెళ్తుంది, ఖాళీది మాత్రం డబ్బాలన్నీ మోగుతాయి. ఆ మోతలో మొదటి చరణం మొత్తం పోయింది. తుని ట్రాన్సిస్టర్ని చెవికి ఆనించుకుని వింటున్నాడు. తునీ, ఆ చరణం విన్నది ఈ లోకంలో మనలో నువ్వొక్కడివే. ఒక్క మాటయినా గుర్తుందా?

గూడ్సు వెళ్లిపోయింది, పల్లవి మళ్లీ వచ్చింది, ఈసారి వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల గొంతులు కలిశాయి. మన బండి కుదుపుతో కదిలింది. రెండో చరణం ఎత్తుకుంది. అక్కడ ఒకచోట గొంతు పైకి వెళ్లి, పై షడ్జం అందుకునే ముందు, ఏదో ఒక స్వరం మీద కాసేపు ఊగింది. అప్పుడు పార్వతీపురం కళ్లు తెరిచి లేచి కూర్చుంది. "కాదు కాదు, ఆభోగి కాదు, నిషాదం పడింది, శ్రీరంజని" అంది. ఆ రెండు రాగాలకీ తేడా ఆ ఒక్క నిషాదమేనని, ఆభోగిలో అది ఉండదని, శ్రీరంజనిలో ఉంటుందని ఆ తర్వాత మాకు చెప్పింది. పల్లవిలో ఆ నిషాదం తగలకుండా దాచి చరణంలో బయటపెట్టారంటే వరస కట్టినవారు ఎవరో బాగా తెలిసినవారని కూడా అంది. ఈ ముక్క నాకు చాలా ముఖ్యం. రాగం తెలిస్తే వెతకడం సగం అయిపోయినట్టే, ఎందుకంటే పాత రేడియో పాటలు దాచుకున్నవాళ్లు చాలామంది మాటలకంటే రాగంతోనే గుర్తుపెట్టుకుంటారు.

ఆ మాట అంటూండగానే సొరంగం. గొంతు కత్తిరించినట్టు ఆగిపోయింది. కొండ లోపలికి మీడియం వేవ్ రాదు, రాయి మింగేస్తుంది. పొద్దున సొరంగాల్లో అరిచిన మనం ఆ సొరంగంలో ఒక్కరం కూడా అరవలేదు, గమనించారా? అందరం చీకట్లో రేడియో వైపే చూస్తున్నాం. బయటికి వచ్చేసరికి ఆఖరి పల్లవి, అందరి గొంతులూ కలిసి, తర్వాత వేణువు, తర్వాత నిశ్శబ్దం. ఆపైన ప్రకటన చదివే ఆయన గొంతు. పాట పేరేదో చెప్పాడు, అక్కడ గరగర వచ్చింది. "విన్నారు. రచన" అన్నాడు. రెండో సొరంగం.

రచన. అంతే. నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో ఆ మాటని.

సొరంగంలోంచి బయటపడేసరికి ఎవరో శనగ చేలో తేమ గురించి మాట్లాడుతున్నారు. వ్యవసాయం కార్యక్రమం మొదలైపోయింది.

ఇప్పుడు అసలు విషయం. ఇన్నాళ్లూ మనమంతా అది విశాఖ కేంద్రం పాట అనుకున్నాం. నేను కూడా అలాగే అనుకుని, అక్కడ పనిచేసి రిటైరైన ఒకాయన్ని తెలిసినవాళ్ల ద్వారా అడిగించాను, ఆయనకి అలాంటి పాట గుర్తులేదన్నారు. మొన్న నిద్ర పట్టని రాత్రి ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ ఉంటే నాకు తుని ట్రాన్సిస్టర్ మీద గోళ్లరంగు గుర్తొచ్చింది. చీకట్లో కూడా విశాఖ కేంద్రం దొరకాలని వాళ్ల అక్కయ్య గోళ్లరంగుతో స్కేలు అద్దం మీద ఎర్ర చుక్క పెట్టుకున్నాడు. హాస్టల్లో రాత్రి లైట్లు తీసేశాక అగ్గిపుల్ల వెలిగించి ముల్లుని ఆ చుక్క మీదికి తెచ్చేవాడు. ఆ సాయంత్రం పాట వస్తున్నప్పుడు నేను వాడి పక్కనే ఉన్నాను. ముల్లు ఆ చుక్క మీద లేదు. చుక్కకి ఎడమవైపు, ఒక బియ్యపు గింజంత దూరంలో ఉంది. నాకు ఇది ఖచ్చితంగా గుర్తుంది, ఎందుకంటే "చుక్క మీదికి తిప్పరా, ఇంకా బాగా వస్తుందేమో" అన్నాను, వాడు "ముట్టుకోకు, పోతుంది" అని నా చెయ్యి తీసేశాడు.

విశాఖ కేంద్రం 927 కిలోహెర్ట్‌జ్. ఆ స్కేలు మీద ఎడమవైపు వెళ్తే అంకె తగ్గుతుంది. దానికి కొంచెం ఎడమగా, 837 దగ్గర ఉండేది విజయవాడ. ఇంకా ఎడమకి, 738 దగ్గర హైదరాబాద్. బియ్యపు గింజంత దూరమంటే నా లెక్కలో విజయవాడే, హైదరాబాద్ అయితే అంతకు రెట్టింపు దూరం ఉండాలి.

మరి విజయవాడ అంత దూరం నుంచి ఆ కొండల్లోకి ఎలా వచ్చింది అంటారా, పొద్దున అయితే వచ్చేది కాదు. పగటిపూట ఆకాశంలో కింద ఉండే పొర ఒకటి మీడియం వేవ్‌ని పీల్చేస్తుంది, అందుకని దగ్గరి కేంద్రమే వినిపిస్తుంది. పొద్దు గుంకగానే ఆ పొర పోతుంది, పై పొర అద్దంలా పనిచేసి దూరపు కేంద్రాల్ని వెనక్కి నేలకి కొడుతుంది. మన చిన్నప్పుడు రాత్రిళ్లు ఎక్కడెక్కడి స్టేషన్లు వచ్చేవి అందుకే. ఇంకో గుర్తు కూడా ఉంది. బండి ఆగి ఉన్నప్పుడు కూడా పాట ఒకే స్థాయిలో రాలేదు. అలలాగా పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగింది. పలాస బ్యాటరీలు అయిపోతున్నాయన్నాడు, తుని మొన్ననే వేశానన్నాడు. అది బ్యాటరీ కాదు. పైనుంచి తగిలి వచ్చే కేంద్రం రాత్రి అలాగే ఊగుతుంది. బండి కదిలాక తుని ట్రాన్సిస్టర్ని ఊరికే అటూ ఇటూ తిప్పుతూ ఉన్నాడు, గుర్తుందా? లోపల ఉండే ఫెర్రైటు కడ్డీ కేంద్రం వైపు పక్క తిప్పితే బాగా పట్టుకుంటుంది, కొస తిప్పితే పట్టుకోదు. ఘాట్‌లో బండి వంపు తిరిగినప్పుడల్లా వాడు కూడా వాడి చేతిలో దాన్ని అటు తిప్పాల్సి వచ్చింది. పాట పోకుండా వాడు పడ్డ కష్టం అప్పుడు నాకు తెలియలేదురా తునీ. ఇప్పుడు తెలుస్తోంది.

కాబట్టి విజయవాడ కేంద్రం అని నా నమ్మకం. అది నిజమైతే మనం వెతకాల్సిన చోటు మారుతుంది. విజయవాడలో లలిత సంగీతానికి ఎంత పెద్ద చరిత్ర ఉందో మీకు తెలుసు. బాలాంత్రపు రజనీకాంతరావు గారి లాంటివారు నడిపిన కేంద్రం అది, తెల్లవారుజామున భక్తిరంజని వినని ఇల్లు మన జిల్లాల్లో కూడా తక్కువే. అప్పట్లో మంచి కవులు రేడియో కోసమని ప్రత్యేకంగా పాటలు రాసేవారు. కానీ ఆ పాటలకి వచ్చిన కష్టమేమిటంటే, సినిమా పాటలా వాటికి రికార్డు ఉండదు, క్యాసెట్టు ఉండదు. స్టూడియోలో స్పూలు టేపు మీద ఎక్కించేవారు, కొన్నాళ్లకి టేపు కావలసివస్తే అదే టేపు మీద ఇంకోటి ఎక్కించేవారు. అలా చెరిగిపోయినవి ఎన్నో. మిగిలినవి ఎక్కడున్నాయంటే, ఆ రోజుల్లో ఇంట్లో రేడియో పక్కన టేప్‌రికార్డరు పెట్టుకుని ఎక్కించుకున్నవాళ్ల దగ్గర, పాట వింటూ నోటు పుస్తకాల్లో రాసుకున్న అమ్మల దగ్గర, అక్కల దగ్గర ఉన్నాయి. ఈ మాసపు పాట వచ్చేది కదా, నెలంతా ఒకే పాట మళ్లీ మళ్లీ వేసేవారు, దాన్ని నేర్చుకుని రాసుకున్న ఆడవాళ్లు ఊరికి పదిమంది ఉండేవారు. మీ ఇళ్లల్లో అలాంటి పుస్తకాలు ఉంటే దయచేసి పారెయ్యకండి, ముందు ఒకసారి తిరగెయ్యండి.

పలాస మాత్రం అది సినిమా పాటే అని ఇంకా పట్టుబడుతున్నాడు. ఒరేయ్, సినిమా పాటయితే చరణానికీ చరణానికీ మధ్య వయొలిన్లు గుంపుగా రావాలి. ఇందులో మధ్యలో వేణువు ఒక్కటే వచ్చింది, దానికి వీణ జవాబు చెప్పింది. పైగా నీ దగ్గర అప్పటికే రెండు సూట్‌కేసుల క్యాసెట్లు ఉన్నాయి, హాస్టల్ మొత్తానికి పాటల పేర్లు చెప్పేవాడివి నువ్వే. నీకే తెలియని సినిమా పాట ఉంటుందని నేను నమ్మను.

ఇక మాటలు. దీని దగ్గరే అసలు తగువు. పల్లవిలో రెండో పాదం చివర నేను విన్నది "చెలమ ఊరే దాకా" అని. పలాస విన్నది "చెలిమి కోరే దాకా" అని. బండిలోనే ఈ వాదన మొదలైంది, కొత్తవలస దాకా సాగింది. చెలమ ఏమిటి, పాటలో చెలమ ఎవరు రాస్తారు, స్నేహం గురించి పాట, చెలిమే అని మీరందరూ అటు వెళ్లిపోయారు.

నేను ఎందుకు చెలమ అంటున్నానో ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. మాది వంశధార ఒడ్డు. వేసవిలో ఏరు ఎండిపోతే మా అమ్మ తెల్లారకముందే బిందె, కొబ్బరి చిప్ప పట్టుకుని ఇసకలోకి వెళ్లేది, నేను వెనక. మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసక తోడేది. మోచెయ్యి లోతు వెళ్లేసరికి ఇసక రంగు మారుతుంది, చల్లగా తగులుతుంది. ఇంకొంచెం తోడితే అడుగున తడి మెరుస్తుంది. అప్పుడు అమ్మ ఆగిపోయేది. నేను తొందరపడి చెయ్యి పెడితే ఊరుకునేది కాదు. "ఊరనీరా" అనేది. మొదట వచ్చిన నీళ్లు బురదగా ఉంటాయి, వాటిని చిప్పతో తోడి పారబోసేది. మళ్లీ కూర్చునేది. రెండోసారి ఊరిన నీళ్లు తేటగా, అడుగున ఇసక రేణువులు లెక్కపెట్టేలా ఉండేవి. వాటిని చిప్పతో, అంచు ఇసక జారకుండా, ఒక్కో చిప్పా బిందెలో పోసేది. బిందె నిండటానికి సూర్యుడు వచ్చేసేవాడు. చెలమలో నీరు ఊరుతుంది అంటాం. ఆ రెండు మాటలూ కలిసే ఉంటాయి. ఆ పాటలో ఆవిడ "ఊరే" అన్న మాటని సాగదీసి, ఆగి, మళ్లీ అందుకుంది, అమ్మ ఆగినట్టే. అందుకని నాకు ఆ క్షణంలో ఏరు కనిపించింది. దానికి ముందు పాదంలో "ఇసుక" అన్న మాట కూడా నేను విన్నాను, అది మాత్రం మీలో ఎవరూ కాదనలేదు. ఇసుక అని పాడినవారు ఆ వెంటనే చెలిమి కోరడం ఎందుకు? చెలమే అయి ఉంటుంది.

అయినా నేను విన్నదే సరి అని నా మొండిపట్టు కాదు. చెలిమి అయితే చెలిమే. పాట మొత్తం దొరకాలి, అంతే.

అందుకే ఒక్కొక్కరినీ విడివిడిగా అడుగుతున్నాను.

తునీ, ఆ ట్రాన్సిస్టర్ ఇంకా మీ ఇంట్లో ఉందా? పనిచెయ్యక్కర్లేదు. స్కేలు మీద ఎర్ర చుక్క ఉందో లేదో చూడు, ఉంటే ఒక ఫొటో తీసి పెట్టు. ముల్లుని చుక్కకి ఎడమగా ఎంత దూరంలో పెడితే నీకు ఆ సాయంత్రం గుర్తొస్తుందో అక్కడ పెట్టి ఇంకో ఫొటో తియ్యి. నీ చెయ్యికి గుర్తుంటుంది. ఆ మొదటి చరణం సంగతి కూడా ఆలోచించు.

బొబ్బిలీ, చిమిడిపల్లా, త్యాడా అన్నది నువ్వు ఇంకోసారి ఆలోచించు. నాకు ప్లాట్‌ఫారం మీద మఱ్ఱిచెట్టు కింద అడవి బిడ్డలు నలుగురు మంట వేసుకుని కూర్చున్నది గుర్తుంది. నీకు ఆ చెట్టు గుర్తుందా? స్టేషన్ తేలితే టైము తేలుతుంది, టైము తేలితే ఆ కార్యక్రమం ఏదో తేలుతుంది. ఆ వారం పత్రికలో రేడియో కార్యక్రమాల పట్టిక ఎవరైనా దాచి ఉంటే దానితో సరిచూసుకోవచ్చు.

పార్వతీపురం, నువ్వు ఇప్పుడు పిల్లలకి వీణ నేర్పుతున్నావని విన్నాను. నేను పల్లవి పాడి పంపిస్తాను, నా గొంతు నీకు తెలిసిందే, స్వరం ఎక్కడ జారిందో నువ్వు సరిచెయ్యి. ఆ నిషాదం పడిన చోటు నీకు గుర్తుంటే వీణ మీద వాయించి పంపించు. మాటలు లేకపోయినా ఫరవాలేదు. విజయవాడలో నీకు సంగీతం తెలిసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి వినిపించు, వరస విని గుర్తుపట్టేవాళ్లు ఇంకా ఉండే ఉంటారు.

నర్సీపట్నం, అందరికంటే ఎక్కువగా నిన్ను అడుగుతున్నాను. ఆ ట్రిప్పు లెక్కలన్నీ నీ దగ్గరే. టీ నుంచి జామకాయల దాకా పైసలతో సహా రాసిన నీలం అట్ట పొడుగు పుస్తకం. పాట అయిపోయాక, మర్చిపోకముందే రాసుకుందాం అని నీ పెన్ను లాక్కుని పార్వతీపురం ఆ పుస్తకం ఆఖరి పేజీలో ఏదో రాసింది. బండి ఊగుతుంటే నువ్వు కింద నుంచి పుస్తకం పట్టుకున్నావు. స్వరాలు రాసిందో, మాటలు రాసిందో నాకు కనిపించలేదు, కానీ అర పేజీ నిండింది. పెళ్లిలో అడిగితే ఆ పుస్తకం పారెయ్యలేదని, కాలేజీ సామానంతా ఊళ్లో అటక మీద రేకు పెట్టెలో ఉందని చెప్పావు. వచ్చే వారం సంక్రాంతికి ఊరెళ్తున్నావని మీ ఆవిడ మా ఆవిడతో అందట. పెట్టె కిందికి దింపు. తాళం పోతే పగలగొట్టు, కొత్తది నేను కొనిస్తాను. భోగి నాడు పొద్దున పది గంటలకి ఫోన్ చేస్తాను, పార్వతీపురాన్ని కూడా లైన్లోకి తీసుకుంటాను. ఆఖరి పేజీ తీసి చేతిలో పట్టుకుని ఉండు.